తవుడు తిన్న రోజే కడుపు ఉబ్బరం!
పీచు మంచిదే... కడుపుకు అలవాటు కావాలి

సోలాపూర్: పొద్దున సాంచాల దగ్గర నిలబడితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. నీళ్లు తాగేది తక్కువ, తినేది అన్నం, పలుచటి పప్పు. అశోక్ చౌక్, సాఖర్ పేఠ వైపు నేతకారుల ఇళ్లలో మలబద్ధకం కొత్త మాటేం కాదు. 'పీచు తినండి' అని ఎవరో చెప్పడమే ఆలస్యం, గిర్నీలో గోధుమ తవుడు, మనోళ్లు కోండా అనేది, కిలో తెచ్చేస్తారు. మూడో రోజుకల్లా 'పొట్ట డోలు లెక్క అయింది, మెలిపెడుతోంది' అంటూ మానేస్తారు.

ఓ లెక్క చూద్దాం. పూటపూటా అన్నమే తినే మనిషికి రోజుకు 15 గ్రాముల పీచు అందుతోందనుకుందాం. అతను ఒక్కసారిగా నాలుగు పెద్ద చెంచాల తవుడు, ఓ పళ్లెం పచ్చి క్యాబేజీ, ఉల్లి, ముల్లంగి కోశింబీర్ మొదలుపెట్టాడు. తవుడులో ఆరు, కోశింబీర్‌లో ఐదు గ్రాములు వచ్చి చేరాయి. రాత్రికి రాత్రే పీచు దాదాపు రెట్టింపు!

చిన్నపేగు ఈ పీచును అరిగించలేదు. అది కొన్ని గంటలకు అలాగే పెద్దపేగులోకి దిగుతుంది. మధ్యాహ్నం తిన్నది రాత్రి బాధపెట్టేది ఇందుకే. అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. దోసె పిండి పొంగినట్టే గాలి పుడుతుంది, పేగు సాగుతుంది, నొప్పి లేస్తుంది. పచ్చి ఉల్లిలోని ఫ్రక్టాన్లు ఈ పనిలో మరీ చురుకు. ముతక తవుడు అంతగా పులవదు గానీ, నీటిని పీల్చి మలాన్ని పెంచుతుంది. నీళ్లు చాలకపోతే అది గట్టిపడి దారి అడ్డుతుంది. దానివెనుక గాలి నిలిచిపోతుంది.

మేతకు తగ్గట్టు సూక్ష్మజీవులూ మారతాయి. అందుకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందాకా తవుడు రోజుకో టీ చెంచాతో మొదలుపెట్టి, వారానికో చెంచా పెంచాలి. ఉబ్బరం వస్తే పాత మోతాదుకు దిగాలి, పూర్తిగా మానక్కర్లేదు. కూరగాయలు మొదట ఉడికించి తినాలి, పచ్చివి పిడికెడుతో సరి. సాంచాల దగ్గర నీళ్ల సీసా ఉండాల్సిందే. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవాళ్లు తవుడుతో కలిపి వేసుకోవద్దు, ఐరన్ ఒంటికి పట్టదు.

గాలి పోయాక, విరేచనం అయ్యాక తగ్గే నొప్పికి భయం లేదు. పొట్ట గట్టిపడి, వాంతులై, గాలి కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా డాక్టర్‌కు చూపించాలి.

పేగు సున్నితంగా ఉండే కొందరికి నెల దాటినా తవుడు పడదు. వాళ్లు దాన్ని వదిలేసి అన్నం ఒక పూట తగ్గించి జొన్న రొట్టె తినొచ్చు. వంద గ్రాముల జొన్నల్లో దాదాపు పది గ్రాముల పీచుంటుంది. కడక్ భాకరీల ఊళ్లో దానికోసం వెతుక్కోనక్కర్లేదు. మొదట్లో ఒక్క రొట్టె చాలు.