మిక్సీ గురించి ముఖం చెప్పాలా, చేతులు చెప్పాలా?

ఒక చిన్న మిక్సీ కంపెనీ ఉందనుకుందాం. జార్ ఎలా బిగించాలో, వారంటీ ఎన్నేళ్లో చెప్పే 40 సెకన్ల ప్రకటన కావాలి. యాంకర్‌కి, స్టూడియోకి డబ్బుల్లేవు. హేజెన్, సింథీసియా లాంటి సర్వీసుల్లో 70 మాటల స్క్రిప్టు పెట్టి, ఒక ముఖాన్నీ ఒక గొంతునూ ఎంచుకుంటే కాసేపటికి చీర కట్టుకున్న అమ్మాయి తెలుగులో మాట్లాడే వీడియో చేతికొస్తుంది. మొదటిసారి చూసి యజమాని మురిసిపోతాడు. అదే వీడియోని ఇంట్లో ఆడవాళ్లకి చూపిస్తే "ఏదోలా ఉందండీ" అంటారు. ఏంటది అంటే మాత్రం చెప్పలేరు.

ఆ ఏదోలాకి జపాన్ రోబో నిపుణుడు మసహిరో మోరి 1970లోనే ఒక వివరణ ఇచ్చాడు. బొమ్మ మనిషిని పోలుతున్నకొద్దీ మనకు నచ్చుతుంది. దాదాపు మనిషే అన్న దగ్గరికి వచ్చేసరికి ఆ ఇష్టం ఒక్కసారిగా వెగటుగా మారుతుంది. బొమ్మ కదిలేదైతే ఆ వెగటు ఇంకా ఎక్కువ. కార్టూన్ ఏనుగు మిక్సీ అమ్మితే ఎవరూ ఇబ్బంది పడరు. నూటికి తొంభై పాళ్లు మనిషిలా ఉన్న ముఖం మీదే మన చూపు ఆ మిగతా పది పాళ్ల కోసం వెతుకుతుంది.

తెలుగు ప్రకటనలో ఆ తేడా ముందు పెదవుల దగ్గర బయటపడుతుంది. ప, బ, మ పలకాలంటే పెదవులు పూర్తిగా మూసుకోవాలి. ఒత్తు పడితే ఇంకాసేపు మూసే ఉంచాలి. ఇక మిక్సీ స్క్రిప్టులో ఉండేదేంటి? పప్పు రుబ్బడం, కొబ్బరి పచ్చడి, డబ్బా మూత! అవతార్ పెదవులు 'రుబ్బు' దగ్గర సగం మూసుకుని తెరుచుకుంటే, గొంతు ఒకరిది నోరు ఇంకొకరిది అనిపిస్తుంది. గొంతు పెదవుల కన్నా ముందు వస్తే మనం మరీ తొందరగా పట్టేస్తాం. పెదవి కదిలాక మాట వినిపించడం మనకు అలవాటే. దూరంగా ఉన్న మనిషి మాట కాస్త ఆలస్యంగానే చేరుతుంది కదా. మాట ముందొచ్చి పెదవి తర్వాత కదలడం మాత్రం లోకంలో ఎక్కడా ఉండదు. అందుకే ప్రసారాల ప్రమాణాల్లో కూడా గొంతు ముందు రావడానికి ఇచ్చే వెసులుబాటు వెనక రావడానికి ఇచ్చేదానికన్నా తక్కువ.

దీన్ని పరీక్షించడం తేలికే. ముందు సౌండ్ తీసేసి ఒకసారి చూడండి. 'రుబ్బు', 'కొబ్బరి' వచ్చే చోట పెదవులు కలుస్తున్నాయా? చెయ్యి కొద్ది సెకన్లకోసారి ఒకేలా లేస్తోందా? తర్వాత కళ్లు మూసుకుని వినండి. ధరను 2,499 అని అంకెల్లో రాస్తే గొంతు తడబడొచ్చు, ఇంగ్లిష్‌లోకి దూకొచ్చు. స్క్రిప్టులో దాన్ని 'రెండు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది' అని అక్షరాల్లో రాయాలి. 'ఉపయోగించవచ్చును' లాంటి మాటలు మనిషి నోట్లోనే ఎబ్బెట్టుగా ఉంటాయి, యంత్రం నోట్లో వేరే చెప్పాలా?

పెదవుల లోపాలు ఏడాదికేడాది తగ్గుతున్నాయి. నా లెక్కలో అసలు చిరాకు వేరే చోట ఉంది. అదే అవతార్ "మా ఇంట్లో రోజూ దీంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బుతాను, ఎంత మెత్తగా వస్తుందో!" అన్నప్పుడు చూసేవాళ్లకి ఒళ్లు మండుతుంది. దానికి ఇల్లు లేదు, ఇడ్లీ తినలేదు. "జార్‌ని కుడివైపు తిప్పితే లాక్ పడుతుంది" అంటే ఎవరూ ఆక్షేపించరు, అది సమాచారం. మొదటిది సాక్ష్యం. సాక్ష్యం చెప్పేందుకు వాడినవాళ్లే ఉండాలి. మందులకి, పసిపిల్లల వస్తువులకి, అప్పులకి అయితే ఈ తేడా మరీ గట్టిగా తగులుతుంది.

2021 దీపావళికి క్యాడ్‌బరీ వేసిన ప్రకటన గుర్తుందా? షారుఖ్ ఖాన్ ముఖాన్నీ గొంతునూ ఏఐతో మలిచి, ఊరూరా చిన్న దుకాణాల పేర్లు ఆయన నోట పలికించారు. అది చూసి వెగటుపడినవాళ్లు నాకు తగల్లేదు. ముఖం ఎవరిదో అందరికీ తెలుసు, ఆయన ఒప్పుకునే చేశాడు. ఏఐతో చేశామన్న సంగతినీ వాళ్లు దాచలేదు.

మళ్లీ మన మిక్సీ దగ్గరికొస్తే, 40 సెకన్లూ ముఖాన్నే చూపించక్కర్లేదు. మొదటి ఐదు సెకన్లు అవతార్ కనిపించి పలకరిస్తుంది, మూలన 'ఏఐ ప్రెజెంటర్' అని ఉంటుంది. తర్వాత అరనిమిషం దాని గొంతు మాత్రమే వినిపిస్తుంది. తెర మీద నిజమైన చేతులు, నిజమైన జార్, నానిన మినప్పప్పు. జార్ బిగించే దృశ్యాన్ని సెల్‌ఫోన్‌తో తీసినా చాలు. చివరి ఐదు సెకన్లలో ముఖం వచ్చి ధర, ఫోన్ నంబరు చెబుతుంది. వచ్చే నెల ధర మారితే ఆ ఒక్క వాక్యం మార్చి మళ్లీ తీయించుకోవచ్చు. యాంకర్‌ని పిలవక్కర్లేదు, అదే చీర, అదే వెలుతురు కోసం వెతుక్కోనక్కర్లేదు.