ఎనిమిది ప్రాసెసర్లిస్తే మందగించిన గెస్ట్

నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌లో లైనక్స్ నడుస్తోంది. దాని లోపల కేవీఎం మీద ఇంకో లైనక్స్‌ను గెస్ట్‌గా పెట్టుకున్నాం. ఎన్ని ప్రాసెసర్లివ్వాలంటే, మిషన్లో 8 కనిపిస్తున్నాయి కదా అని 8 ఇచ్చేస్తాం. తీరా చూస్తే రెండిచ్చినప్పుడే నయమనిపిస్తుంది.

ముందు ఆ 8 సంగతి. `lscpu` కొడితే `Core(s) per socket` ఎదురుగా 4, `Thread(s) per core` ఎదురుగా 2 ఉంటాయి. అసలు కోర్లు నాలుగే. లెక్కలు చేసే భాగాలు రెండు థ్రెడ్లకూ ఉమ్మడి కాబట్టి, రెండో థ్రెడ్ వల్ల వచ్చేది కొంత అదనమే తప్ప రెట్టింపు వేగం కాదు.

గెస్ట్‌కిచ్చిన ప్రతి వర్చువల్ ప్రాసెసరూ హోస్ట్ లెక్కలో మామూలు థ్రెడ్డే. బ్రౌజర్ లాగే అదీ వంతు కోసం ఆగాలి. లోపలున్న గెస్ట్ మాత్రం తన ఎనిమిదీ ఎప్పుడూ నడుస్తూనే ఉన్నాయన్న నమ్మకంతో పనిచేస్తుంది.

చిక్కంతా స్పిన్‌లాక్ దగ్గర. కెర్నల్లో ఒక డేటాను ఒక ప్రాసెసర్ మారుస్తున్నప్పుడు, అదే కావలసిన మిగతావి నిద్రపోకుండా లాక్ దగ్గరే తిరుగుతుంటాయి. మైక్రోసెకన్లలో దొరుకుతుందన్న ధీమా. సరిగ్గా అప్పుడే లాక్ పట్టుకున్న ప్రాసెసర్‌ను హోస్ట్ పక్కకు తప్పించి, ఆ కోర్‌ను ఇంకొకరికిస్తే? బీరువా తాళంచెవి జేబులో వేసుకుని ఒకాయన బజారుకెళ్లినట్టే. మైక్రోసెకన్ల పని మిల్లీసెకన్లకు సాగుతుంది. పైగా ఊరికే తిరుగుతున్నవి కోర్లను ఆక్రమించి, ఆ ప్రాసెసర్ వంతును ఇంకా వెనక్కి నెడతాయి. ఇలా తిరుగుతున్న ప్రాసెసర్‌ను ఇప్పటి చిప్‌లు కనిపెట్టి ఆపగలవు. దాంతో నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

గెస్ట్‌లో `top` తెరిచి పై వరుసలో `st` చూడండి. అక్కడ 20 ఉంటే, ప్రాసెసర్లు పని చేతిలో పెట్టుకుని ఐదో వంతు సమయం హోస్ట్ కోసం కాచుకున్నాయన్నమాట. సున్నా దగ్గరుంటే మందగింపుకు కారణం వేరే. డిస్కో, మెమరీయో చూసుకోవాలి.

సంఖ్య తేల్చడానికి మీరు రోజూ చేసే పనే కొలబద్ద. ఒక ప్రోగ్రామ్‌ను `time make -j$(nproc)` తో కంపైల్ చేస్తే రెండు ప్రాసెసర్లతో 10 నిమిషాలు, మూడింటితో 7, ఎనిమిదింటితో 8 పట్టిందనుకుందాం. ఈ మిషన్‌కు మూడు చాలు, నాలుగో కోర్ హోస్ట్‌కు మిగులుతుంది. ఒకే థ్రెడ్ మీద నడిచే ప్రోగ్రామైతే రెండు దాటి ఇవ్వడం దండగ. హోస్ట్ ఖాళీగా ఉండే మిషన్లో ఎనిమిదిచ్చినా పెద్దగా తేడా కనిపించకపోవచ్చు. రెండో గెస్ట్ లేచినప్పుడు తెలుస్తుంది.

మార్చడానికి:

```
virsh setvcpus guest1 3 --config
```

`guest1` బదులు మీ గెస్ట్ పేరు రాయండి. లోపలి నుంచి రీబూట్ చేస్తే ఈ మార్పు పట్టదు. గెస్ట్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.