ఎలాంటి పిల్లి? తెల్లని పిల్లి!

ఈ సంచిక చదివే పెద్దల్లో చాలామందిని నిద్రలో లేపి అడిగినా విభక్తి ప్రత్యయాలను డుమువులతో మొదలుపెట్టి సప్తమి దాకా ఒక్క ఊపులో అప్పజెప్పేస్తారు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం బాటలో బడి పుస్తకాల్లోకి దిగిన వరుస అది. దానికి రాగం లేదు, ఊపు ఉంది. ఆ ఊపే ఇన్నేళ్లూ దాన్ని నాలుక మీద నిలబెట్టింది. అయితే ‘అమ్మతో బజారుకు వెళ్లాను’ అన్న వాక్యం ఇచ్చి ఇందులో తృతీయ ఎక్కడుందో చెప్పమంటే, మళ్లీ మొదటి నుంచి వల్లించుకుంటూ ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ దగ్గర ఆగాల్సిందే. వల్లెవేత మాటల వరుసను గుర్తుపెట్టింది గానీ, వాక్యంలో మాటను పట్టుకునే పని నేర్పలేదు. వారాంతపు తెలుగు తరగతుల్లో భాషాభాగాలకు పాట కట్టేటప్పుడు ఈ తేడాను ముందు చూసుకోవాలి.

ఇక్కడ అమెరికాలో పెరిగినవాళ్లకు వ్యాకరణం పాట అనగానే ‘స్కూల్‌హౌస్ రాక్’ గుర్తుకొస్తుంది. 1973 జనవరిలో ఏబీసీ టీవీలో శనివారం ఉదయం కార్టూన్ల మధ్య చిన్న చిన్న ముక్కలుగా మొదలైంది. డేవిడ్ మెకాల్ అనే ప్రకటనల కంపెనీ పెద్దకు ఆ ఆలోచన వచ్చింది. వాళ్లబ్బాయికి ఎక్కాలు రావు, రాక్ పాటలు మాత్రం పొల్లుపోకుండా వచ్చు. ఎక్కాలకే పాటలు కట్టిస్తే పోలా అనుకుని బాబ్ డోరో అనే జాజ్ సంగీతకారుణ్ణి పట్టుకున్నారు. ఎక్కాల తర్వాత వ్యాకరణం వంతు వచ్చింది. అందులో ‘కంజంక్షన్ జంక్షన్’ పాటను ఈనాటికీ పాడుకుంటారు. రైలు పెట్టెల మీద మాటలుంటాయి, వాటిని కలిపే కొక్కేలు ‘అండ్, బట్, ఆర్’. నిర్వచనం వల్లించే బదులు, ఆ మాట చేసే పనిని కళ్లకు కట్టడమే ఆ పాట బలం.

దాన్నే తెనిగిస్తే సరిపోతుందా అంటే సరిపోదు. తెలుగులో ‘పిల్లి అండ్ కుక్క’ అనడానికి మధ్యలో వేరే మాట అక్కర్లేదు. ‘పిల్లీ కుక్కా’ అని చివరి అచ్చుల్ని సాగదీస్తే చాలు, రెండూ కలిసిపోతాయి. అక్కడ పెట్టెల మధ్య కొక్కెం వేసే చోటే లేదు. ఇంగ్లిషు బడిలో ఎనిమిది భాషాభాగాలు నేర్చుకునే పిల్లలకు మన పుస్తకం ఐదే చెబుతుంది: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లిషులో మాటకు ముందొచ్చే ‘ఇన్, టు, విత్’ల పని తెలుగులో నామవాచకం చివర విభక్తి చేస్తుంది. అందుకే తెలుగు పాటను తెలుగు వాక్యంలోంచే కట్టుకోవాలి.

నేను తరగతిలో వాడే పాటలో ‘నామవాచకం అనగా’ అన్న మాట రాదు. సగం తరగతి ప్రశ్న పాడుతుంది, మిగతా సగం జవాబు పాడుతుంది:

ఏదొచ్చింది? – పిల్లొచ్చింది!
ఎలాంటి పిల్లి? – తెల్లని పిల్లి!
ఏం చేసింది? – దూకేసింది!
దూకిందెలా? – గభాలున!

మాత్రలు లెక్కపెట్టి చూడండి. ప్రతి ప్రశ్నకూ ఏడు మాత్రలు, ఎనిమిదోది చప్పట్లకు. మొదటి మూడు జవాబులూ అంతే. ‘గభాలున’ ఒక్కటే ఐదు, మిగిలిన మూడు మాత్రల్లో పిల్లలు ధన్ ధన్ ధన్‌మని కాళ్లు తొక్కుతారు. అన్నిటికంటే వాళ్లకు ఇష్టమైన చోటు అదే, అందుకే అవ్యయం మిగతావాటికంటే ముందు వంటబడుతుంది! రెండో ఆవృత్తిలో మొదటి జవాబు ‘అదే వచ్చింది!’ అని మారుతుంది. పేరు పోయి దాని బదులు ‘అది’ వచ్చింది, సర్వనామం దొరికింది. ఆ ఊపులోనే రెండో వరుసను ‘తెల్లని అది’ అని పాడబోయి ఎవరో ఒకరు ఆగిపోతారు. ‘తెల్లనిది’ అనాలని చెప్పేది కూడా వాళ్లే. విశేషణం, సర్వనామం పక్కపక్కన నిలబడకుండా ఒకే మాటగా అతుక్కుంటాయని వ్యాకరణ సూత్రం లేకుండానే చెవికి పట్టుబడుతుంది.

పారిభాషిక పదాలు ప్రశ్నలన్నీ నోటికి వచ్చాకే. అప్పటికి ‘ఎలాంటి?’కి వచ్చే జవాబు ఏమిటో తెలిసి ఉంటుంది కాబట్టి, దానికి విశేషణం అని పేరు పెట్టడం తేలిక.

పాట పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి జంతువును మార్చి చూడాలి. ‘ఏనుగొచ్చింది’ అని నేనంటే, ‘ఎలాంటి ఏనుగు?’ దగ్గర తడుముకోకుండా ‘పెద్ద ఏనుగు’ అని అందుకున్న పిల్లవాడికి విశేషణం తెలిసినట్టే. మాత్ర ఒకటి తగ్గినా పెరిగినా పరవాలేదు. అలా కాక ‘తెల్లని ఏనుగు’ అన్నాడంటే పాట గుర్తుంది, పని గుర్తులేదు. రెండో పరీక్షకు రాగం అక్కర్లేదు. ‘ఎర్ర బొమ్మ విరిగింది’ అని మామూలుగా చెప్పి, క్రియ ఏదో అడగాలి. పెదాలు కదుపుతూ ‘ఏదొచ్చింది’ నుంచి మొదలుపెట్టాడంటే, డుమువుల నుంచి మనం వల్లించినట్టే వాడూ వల్లిస్తున్నాడని అర్థం. అలాంటప్పుడు పాటను నాలుగైదు తరగతుల పాటు మధ్య వరుస నుంచి మొదలుపెట్టి పాడిస్తే ఆ అలవాటు వదులుతుంది.

పాట అబద్ధం చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. ‘మా ఇంట్లో పిల్లి ఉంది’ అన్నప్పుడు పిల్లి ఏమీ చెయ్యడం లేదు, అయినా ‘ఉంది’ క్రియే. ‘ఏం చేసింది?’ అన్న ప్రశ్న అక్కడ చేతులెత్తేస్తుంది. అందుకని పెద్ద పిల్లలకు ‘నిన్న’, ‘రేపు’ పెట్టి చూసుకోమని చెబుతాను. నిన్న దూకింది, రేపు దూకుతుంది. నిన్న ఉండేది, రేపు ఉంటుంది. కాలంతో పాటు మారింది కాబట్టి క్రియ. ఇంతకంటే చిక్కు ‘ఇది మా ఇల్లు’ లాంటి వాక్యంతో. ఇంగ్లిషు బడికి వెళ్లే పిల్లలు అందులో ‘ఈజ్’కు సమానమైన మాట కోసం వెతికి వెతికి చివరికి ‘మా’ మీద వేలు పెడతారు. అక్కడ క్రియ లేనే లేదు, తెలుగు వాక్యం క్రియ లేకుండానే నిండుగా నిలబడుతుంది. ఈ ముక్క పాటలో ఇరికించే ప్రయత్నం చెయ్యకూడదు. బోర్డు మీద రెండు భాషల వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసి చూపిస్తేనే తెలుస్తుంది.

మరో చిక్కును మాత్రం పాటే విప్పుతుంది. ‘దూకిన’ అన్న మాటలో దూకడం ఉంది గనక అది క్రియే అని ఎనిమిదేళ్ల పిల్లలు గట్టిగా వాదిస్తారు. వాళ్లతో వాదించకుండా రెండో వరుస పాడించండి. ‘ఎలాంటి పిల్లి? – దూకిన పిల్లి!’ మాత్రలు సరిగ్గా ఏడు, ‘తెల్లని పిల్లి’ చోట ఇట్టే ఇమిడిపోయింది. ఆ వెంటనే మూడో వరుసలో దాన్నే పెట్టి చూడమనండి. ‘ఏం చేసింది? – దూకిన!’ మాట మధ్యలో తెగిపోయినట్టుంటుంది, చప్పట్లు కొట్టాల్సిన చేతులు గాల్లోనే ఆగిపోతాయి. క్రియలోంచే పుట్టినా ఇక్కడ విశేషణం పని చేస్తోందని, దాని పేరు క్రియాజన్య విశేషణమని అప్పుడు చెప్పవచ్చు. ఆ తర్వాత ‘వచ్చిన’, ‘తిన్న’, ‘పాడే’, ‘పడుకున్న’ అంటూ పిల్లలే తలా ఒక పిల్లిని తెస్తారు.