బ్యాటరీ నెత్తి మీది ఆరు అక్షరాలు

చిన్న పెట్రోల్ కారు బ్యాటరీ చచ్చిపోయిందనుకోండి. యజమాని బానెట్ ఎత్తి, బ్యాటరీ పైనున్న స్టిక్కర్‌ను దగ్గరగా ఫొటో తీసి షాపుకు వాట్సాప్ చేస్తాడు. దాని మీద పెద్దక్షరాలతో 38B20L అని ఉంది. “38 ఏహెచ్ ఉందా అన్నా?” అని అడుగుతాడు. “మీ దానికి 35 సార్” అంటాడు షాపతను. తక్కువ పవర్‌ది అంటగడుతున్నాడేమోనని యజమానికి అనుమానం. నిజానికి షాపతను చెప్పిందే సరైనది.

38B20L అనేది జపాన్ ప్రమాణం ప్రకారం పెట్టిన గుర్తు. మొదటి 38 ఏహెచ్ కాదు. బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదు, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత బలంగా ఇవ్వగలదు అన్న రెండింటినీ కలిపి వేసిన స్థాయి అది. ఈ బ్యాటరీ అసలు సామర్థ్యం మన దగ్గర మామూలుగా 35 ఏహెచ్. అలాగే 55B24L అంటే 55 కాదు, 45 ఏహెచ్. అసలు అంకె స్టిక్కర్ మీదే మరోచోట చిన్నగా ఉంటుంది. కొన్ని కంపెనీలు తమ మోడల్ పేరులో ఆ ఏహెచ్ అంకెనే వాడతాయి. ఒకే బ్యాటరీకి ఒకచోట 38, ఇంకోచోట 35 కనిపించడానికి కారణం అదే.

మిగతా గుర్తులు కొలతలు చెబుతాయి. B అంటే పెట్టె వెడల్పు, ఎత్తుల తరగతి. వెడల్పు సుమారు 13 సెంటీమీటర్లు. 20 అంటే పొడవు, దాదాపు 20 సెంటీమీటర్లు.

చివరి L దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. టెర్మినల్స్ రెండూ తన వైపుకు వచ్చేలా నిలబడి చూస్తే, L రకంలో ప్లస్ కుడిచేతి వైపు ఉంటుంది. R రకంలో ఎడమచేతి వైపు. కారులో కేబుళ్లను కొలిచినట్టు కత్తిరించి పెడతారు కాబట్టి L ఉండాల్సిన చోట R తెస్తే ప్లస్ కేబుల్ అందదు. బ్యాటరీని తిప్పి పెడితే ప్లస్ పోల్ ఇనుప బాడీకి దగ్గరపడి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. తొందరలో ప్లస్, మైనస్ తారుమారు చేసి బిగిస్తే ఫ్యూజులు, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, ఒక్కోసారి ఈసీయూ కూడా కాలిపోతాయి.

అందుకే స్టిక్కర్‌ను మాత్రమే దగ్గరగా తీసిన ఫొటో చాలదు. టెర్మినల్స్ దగ్గరున్న అంచు వైపు నిలబడి, పై భాగమంతా, రెండు పోల్స్, వాటి పక్కనున్న ప్లస్, మైనస్ గుర్తులు కనిపించేలా తీయాలి. స్టిక్కర్ సగం చిరిగినా అలాంటి ఫొటో పనికొస్తుంది. పోల్ మందం కూడా అందులో తెలుస్తుంది. B తరగతిలో సన్న పోల్స్ మామూలు. గుర్తు చివర S ఉంటే లావు పోల్స్. సన్న పోల్‌కు లావు క్లాంప్ తగిలిస్తే ఎంత బిగించినా వదులుగానే ఉంటుంది.

పై కారు యజమాని “పెద్దదే వేయండి, 45 ఏహెచ్” అన్నాడనుకుందాం. ఏహెచ్ పెరిగినంత మాత్రాన కారుకు నష్టం లేదు. కానీ 55B24L పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల ట్రేలో అది అంచు దాటి నిలబడుతుంది, పైన అడ్డంగా బిగించే పట్టీ సరిగ్గా కూర్చోదు. గతుకుల రోడ్డు మీద ఆ కుదుపులకు లోపలి ప్లేట్లు దెబ్బతిని కొత్త బ్యాటరీ ముందే పోతుంది. ట్రేలో చోటుంటేనే పెద్దది పెట్టాలి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి ఐరోపా కార్ల బ్యాటరీ మీద ఈ ఆరక్షరాలు ఉండవు. డిన్ 50, డిన్ 60 లాంటి పేర్లు కనిపిస్తాయి. వీటిలో ఆ అంకే దాదాపుగా ఏహెచ్. పోల్స్ పైకి పొడుచుకు రాకుండా గుంటలో ఉంటాయి, పెట్టెను అడుగు అంచు దగ్గర బిగిస్తారు. వాటి స్థానంలో ఎత్తైన జపాన్ రకం పెడితే పోల్ బానెట్‌కు తగలవచ్చు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్టయ్యే కారైతే స్టిక్కర్ మీద ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అన్న ముద్ర వెతకాలి. ఈఎఫ్‌బీ ఉన్నచోట మామూలు బ్యాటరీ పెడితే మాటిమాటికీ సెల్ఫ్ కొట్టే భారాన్ని అది ఎక్కువ కాలం మోయలేదు. ఏజీఎం ఉన్నచోట ఏజీఎమ్మే పెట్టాలి.

ఒక మెలిక మిగిలింది. ఫొటో చెప్పేది ఇప్పుడు కారులో ఉన్న బ్యాటరీ గురించి. కంపెనీ ఇచ్చింది అదే కావాలని లేదు. సెకండ్ హ్యాండ్ కారులో పాత యజమాని దొరికింది పెట్టించి ఉండొచ్చు. పట్టీ లేకుండా తాడుతో కట్టి ఉన్నా, కేబుల్ బిగుసుకుపోయి లాగినట్టున్నా అనుమానించాల్సిందే. అప్పుడు ఓనర్స్ మాన్యువల్ చూసి, ట్రే పొడవు, వెడల్పు టేపుతో కొలుచుకోవాలి.

సరైన రకం దొరికాక తయారీ తేదీ అడగాలి, మీటర్ పెట్టించి వోల్టేజీ చూడాలి. నిండా చార్జ్ అయిన మామూలు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.4 కన్నా తక్కువ చూపిస్తే షాపులో చాలాకాలం ఊరికే పడి ఉందని అనుకోవచ్చు. ఇంకొకటి తీయమని అడగాలి.