గడువు దాటే సహోద్యోగికి రాసే మెయిల్

ఒక కంపెనీ అకౌంట్స్ విభాగాన్ని తీసుకుందాం. నెలవారీగా జీఎస్‌టీ రిటర్నులు వేసేవారు ముందు నెల అమ్మకాల బిల్లులను 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్-1లో చూపాలి. అందుకని డిపోల నుంచి బిల్లులు 5వ తేదీకే రావాలని అందరూ కలిసి అనుకున్నారు. ఒక డిపో ఇన్‌చార్జి మాత్రం ఏప్రిల్ బిల్లులు మే 9న, మే బిల్లులు జూన్ 10న పంపారు. రిటర్ను వేసే ఉద్యోగికి ఒళ్లు మండి, రాత్రి కూర్చుని ఇలా రాశారు:

"ఈ నెల కూడా మీ బిల్లులు టైముకి రాలేదు. ప్రతి నెలా ఇదే తంతు. మీ నిర్లక్ష్యం వల్ల మేం అర్ధరాత్రి దాకా కూర్చోవాల్సి వస్తోంది. ఇకనైనా బాధ్యతగా ఉండండి."

సీసీలో మేనేజర్ పేరు కూడా పెట్టారు.

ఈ కోపం న్యాయమైనదే. కానీ ఈ మెయిల్‌లో బిల్లులు ఎప్పటికి కావాలో లేదు. అవతలి మనిషికి అర్థమయ్యేది ఒక్కటే, తనను మేనేజర్ ముందు నిలబెట్టారని. ఇక ఆయన బిల్లుల సంగతి పక్కనపెట్టి, తన తప్పు లేదని నిరూపించుకునే జవాబు రాస్తారు. నా దృష్టిలో ఇద్దరి మధ్య సంబంధాన్ని ఎక్కువగా చెడగొట్టేది మాటల కరుకుదనం కంటే ఆ సీసీయే. మొదట తీసేయాల్సింది దాన్నే.

తర్వాత మనిషి గురించిన మాటలు తీసేయాలి. 'నిర్లక్ష్యం', 'ప్రతి నెలా', 'ఇకనైనా' అనేవి మన తీర్పులు. వాటి స్థానంలో తేదీలు రాస్తే చాలు. మే 9, జూన్ 10 అన్నవాటిని ఎవరూ కాదనలేరు.

మెత్తబరచడమంటే అడగాల్సింది దాచేయడం కాదు. చాలామంది ఇక్కడే రెండో వైపు ఒరిగిపోతారు. "వీలు చూసుకుని కాస్త ముందుగా పంపితే బాగుంటుందండీ" అని రాస్తే గొడవ ఉండదు, గడువూ ఉండదు. వచ్చే నెల బిల్లులు మళ్లీ 10నే వస్తాయి. ఈసారి కోపం ఇంకా పెరుగుతుంది. మాట మెత్తగా ఉండాలి, తేదీ గట్టిగా ఉండాలి.

ఆలస్యం వల్ల ఏమవుతుందో కూడా చెప్పాలి, అయితే మన కష్టంగా కాదు, పనికి జరిగే నష్టంగా. బిల్లులో కొనుగోలుదారు జీఎస్‌టీ నంబరు తప్పు పడితే, లేదా రిటర్ను 11 దాటితే, 14న తయారయ్యే ఆ కొనుగోలుదారు జీఎస్‌టీఆర్-2బీలో ఆ బిల్లు కనిపించదు. వాళ్లకు ఆ నెల పన్ను క్రెడిట్ అందదు. వాళ్లు ఫోన్ చేసి నిలదీసేది డిపో ఇన్‌చార్జినే. ఈ సంగతి ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు.

ఇవన్నీ చూసుకుని తిరగరాస్తే మెయిల్ ఇలా ఉంటుంది. విషయం: జూన్ బిల్లులు, జులై 5 సాయంత్రంలోపు.

"నమస్కారమండీ. ఏప్రిల్ బిల్లులు మే 9న, మే బిల్లులు జూన్ 10న అందాయి. 11న రిటర్ను వేయాలి కాబట్టి సరిచూడటానికి ఒక్క రోజే మిగిలింది. రెండు బిల్లుల్లో పార్టీల జీఎస్‌టీ నంబర్లు తప్పుపడ్డాయి. వాళ్లకు క్రెడిట్ ఆగుతుంది, అడిగేది మిమ్మల్నే. జూన్ బిల్లులు జులై 5 సాయంత్రంలోపు కావాలి. మీ దగ్గర ఎక్కడ ఆగుతోందో చెప్పండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే 25వ తేదీ వరకు ఉన్నవి జులై 1న పంపండి, మిగతావి 5న. రేపు 11 గంటలకు ఫోన్ చేయనా?"

ఈ మెయిల్‌లో అన్నిటికంటే విలువైనది ఎక్కడ ఆగుతోందన్న ప్రశ్న. సరుకు వాపసు లెక్కలు తేలకపోవడమో, బిల్లింగ్ చేసే మనిషి సెలవులో ఉండటమో కారణం కావచ్చు. అది తెలిస్తే విడతలుగా తెప్పించుకోవడం లాంటి దారి దొరుకుతుంది. ఆ ప్రశ్న నిజంగా తెలుసుకోవడానికే అడగాలి. అందుకే ఫోన్ మాట చివర్లో పెట్టడం. రాతలో మన గొంతు వినిపించదు. మామూలుగా రాసిన వాక్యం కూడా కోపంలో ఉన్నవారికి దెప్పిపొడుపులా తోస్తుంది.

మెయిల్ రాసిన వెంటనే పంపకండి. మర్నాడు ఉదయం అవతలి మనిషి స్థానంలో ఉండి ఒకసారి చదివి పంపండి. గుర్తుచేసే మెసేజ్ గడువు ముందే, 3న వెళ్లాలి. 6న వెళ్తే అది నిందే అవుతుంది. బిల్లులు 5న వస్తే "అందాయండీ, థాంక్స్" అని ఒక్క ముక్క రాయడం మరవకండి.

ఇంత చేసినా జులైలోనూ గడువు దాటితే, ఈసారి మేనేజర్‌తో ముగ్గురం కూర్చుందామని ముందు ఆయనకే చెప్పండి, ఆ తర్వాతే మేనేజర్‌కు చెప్పండి. అప్పటికి అది మెయిల్ భాషతో తీరే సమస్య కాదు. డిపోలో పని పంపకమే మార్చాలి, ఆ అధికారం మేనేజర్‌దే.