మిల్లు ఆగినప్పుడు బేరింగ్ కోసం రాసే కబురు

ఉప్పుడు బియ్యం మిల్లులో ఐడీ ఫ్యాన్ ఆగితే బాయిలర్ ఆగినట్టే. పొయ్యిలోని పొగను చిమ్నీలోకి లాగేది ఆ ఫ్యానే. ఆవిరి లేకపోతే తొట్లలో నానిన వడ్లు ఉడకవు. అలాగే నిలిస్తే పులిసి వాసన పడతాయి, బియ్యం రంగు మారుతుంది. ఇలాంటప్పుడు డీలర్‌కు వెళ్లే కబురులో ‘అర్జంట్’ అన్న మాట ఒక్కటే సరిపోదు. ఏ వస్తువు, ఏ గంటకు, ఎందుకు అన్న మూడూ ఉండాలి.

గడువును వెనక నుంచి లెక్క కట్టాలి. మిర్యాలగూడలోని ఒక మిల్లులో మధ్యాహ్నం 3 గంటలకు ఫ్యాన్ బేరింగ్ పోయిందనుకుందాం. వడ్లు పాడవకుండా ఉండాలంటే మర్నాడు సాయంత్రం 5 కల్లా ఆవిరి రావాలి. బిగించి, ఫ్యాన్ తిప్పి చూసి, ఆవిరి ఎక్కించడానికి 4 గంటలు పడుతుంది. కాబట్టి వస్తువు మధ్యాహ్నం 1 గంటకు గేటు దగ్గర ఉండాలి. హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో రావడానికి, దింపుకుని తెచ్చుకోవడానికి కలిపి 5 గంటలు అనుకుంటే, ఉదయం 8 గంటల బస్సులో పడాలి. అంటే డీలర్ జవాబు ఈ రాత్రి 7 లోపే కావాలి. అది రాకపోతే మరో డీలర్‌ను పట్టుకోవడానికి ఇంకా సమయం మిగులుతుంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది వస్తువు నంబరులో. ఫ్యాన్ షాఫ్ట్ కొలిస్తే 65 మిల్లీమీటర్లు వస్తుంది. దాన్ని బట్టి 22213 బేరింగ్ అడిగితే అది పనికిరాదు. షాఫ్ట్ మీద స్లీవ్ ఉంది, బేరింగ్ దాని మీద కూర్చుంటుంది. కావలసింది 75 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న 22215. నంబరు తర్వాత వచ్చే K రంధ్రం ఏటవాలుగా ఉంటుందని, C3 లోపలి సందు మామూలు కంటే ఎక్కువని చెబుతాయి. వేడి పొగ లాగే ఫ్యాన్‌లో ఆ సందు లేకపోతే బేరింగ్ వేడెక్కి పట్టేస్తుంది. అందుకే పాత బేరింగ్ మీద చెక్కిన నంబరును ఉన్నదున్నట్టు రాసి, ఫొటో జతచేయాలి.

కబురు ఇలా ఉంటే చాలు: “నమస్కారమండీ. ఐడీ ఫ్యాన్ బేరింగ్ పోయి మా మిల్లు 3 గంటల నుంచి ఆగి ఉంది. 22215 K/C3 బేరింగ్ 2, H 315 స్లీవ్‌లు 2 కావాలి. రేపు ఉదయం 8 గంటల మిర్యాలగూడ బస్సులో వేయాలి. మధ్యాహ్నం 1 దాటితే నానబెట్టిన వడ్లు పాడవుతాయి. సరుకు మీ దగ్గర ఉందో లేదో ఈ రాత్రి 7 లోపు చెప్పండి. బిల్లు పంపితే వెంటనే డబ్బు వేస్తాం.”

డీలర్ సరేనన్నాక పెట్టె మీది నంబరు ఫొటో, కార్గో రసీదు తెప్పించుకోవాలి. ఫొటో బస్సు కదలకముందే చూడాలి. K లేని బేరింగ్ పెట్టెలో పెట్టి ఉంటే మార్పించడానికి అదే చివరి అవకాశం.