వద్దన్న మాటల జాబితా

1998లో అమెరికాలో బిల్ గ్రాస్ మొదలుపెట్టిన గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైటు ప్రకటనల వ్యాపారానికి కొత్త లెక్క నేర్పింది. ప్రకటన ఎంతమందికి కనిపించిందని కాకుండా, ఎంతమంది దాన్ని నొక్కారో చూసి డబ్బు తీసుకోవడం, ఒక్కో క్లిక్ ధరను వేలంలో తేల్చడం ఆ లెక్క. గూగుల్ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ పేరుతో తన ప్రకటనల యంత్రాన్ని తెచ్చి, 2002లో క్లిక్కుల వేలంలోకి దిగింది. ఈ యంత్రంలో వ్యాపారి వేలం పాడేది కీవర్డ్ మీద. వెతికేవాళ్లు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేస్తారు. ఆ రెండింటినీ కలపడానికి యంత్రం కీవర్డ్ అర్థాన్ని కాస్త సాగదీస్తుంది. సాగదీసినప్పుడల్లా కొన్ని సంబంధం లేని వెతుకులాటలకూ ప్రకటన వెళుతుంది, ఆ క్లిక్కులకూ వ్యాపారే డబ్బు కడతాడు. ఈ నష్టానికి విరుగుడుగా వచ్చిందే నెగటివ్ కీవర్డ్. ఫలానా మాట ఉంటే నా ప్రకటన చూపించవద్దని ముందే చెప్పి ఉంచే ఏర్పాటు అది.

ఈ రెండు రకాల కీవర్డ్‌లూ ఒకేలా ఎదగలేదు. మామూలు కీవర్డ్ ఏటికేడు విశాలమైంది. 2014 నుంచి ఎగ్జాక్ట్ మ్యాచ్ కీవర్డ్‌కు కూడా బహువచనాలు, అక్షర దోషాలు తప్పనిసరిగా కలిశాయి. 2018లో మాట వేరైనా అర్థం ఒకటైతే చాలన్నారు. నెగటివ్ కీవర్డ్ మాత్రం అక్షరాన్నే పట్టుకుని ఉంది. 2024లో అక్షర దోషాలను పట్టుకోవడం నేర్చుకున్నా, పర్యాయపదాలు, బహువచనాలు దానికి ఇప్పటికీ పరాయివే. అంటే ప్రకటనను బయటికి పంపే తలుపు అర్థాన్ని బట్టి తెరుచుకుంటుంది, మూసే తలుపు అక్షరాన్ని బట్టి మూసుకుంటుంది. అందుకే వృథా క్లిక్ తెచ్చిన వెతుకులాటలను ఒక్కొక్కటిగా జాబితాలో పడేస్తూ పోతే పని ఎన్నటికీ తెమలదు. వాటిలో పదేపదే వచ్చే మాటను పట్టుకోవాలి, ఆ మాట అర్థం మన వ్యాపారానికి పడదని తేలాకే దాన్ని అడ్డుకోవాలి. నా వాదన ఇదే.

ఒక ఉదాహరణతో చూద్దాం. కరెంటు పోతే ఇంటికి ఆసరా అయ్యే ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే విజయవాడ దుకాణం ఒకటుందనుకుందాం. దాని కీవర్డ్ inverter. సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిస్తే జనం నిజంగా ఏం టైపు చేశారో, ఒక్కోదానికి ఎన్ని క్లిక్కులు, ఎంత ఖర్చు అయిందో కనిపిస్తుంది. అందులో best inverter ac, inverter ac 1.5 ton price, inverter ac service vijayawada లాంటి వరుసలు ఉంటాయి. ఎండాకాలం కొనే ఇన్వర్టర్ ఏసీకీ, కరెంటు కోతకు కొనే ఇన్వర్టర్‌కూ పేరు తప్ప వ్యాపారంలో పొత్తు లేదు. ఒక్కో వరుసకు ఒకటో రెండో క్లిక్కులే కాబట్టి విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద ఖర్చుగా అనిపించదు. రిపోర్టును స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకుని, వెతుకులాటలను మాటలుగా, జంట మాటలుగా విడగొట్టి, ఒక్కో జంట కింద క్లిక్కులు కూడితే అసలు సంగతి బయటపడుతుంది. నెలలో 400 క్లిక్కులు, క్లిక్‌కు 12 రూపాయలు అనుకుంటే, inverter ac అన్న జంట ఉన్న వరుసలన్నిటికీ కలిపి 60 క్లిక్కులు వచ్చినా 720 రూపాయలు పోయినట్టే. అంత సొమ్ము ఏ ఒక్క వరుసలోనూ కనపడదు.

ఇక దాన్ని ఎలా అడ్డుకోవాలన్నది. ac ఒక్కటే పెట్టేస్తే సులువనిపిస్తుంది. కానీ inverter for ac అని వెతికేవాడు ఇంట్లో ఏసీ నడపడానికి పెద్ద ఇన్వర్టర్ కావాలనుకునేవాడు, అంటే దుకాణానికి ఎక్కువ లాభం తెచ్చే కొనుగోలుదారు. గుర్తులేమీ లేకుండా inverter ac అని రాసినా అతను ఆగిపోతాడు, ఎందుకంటే అలా రాస్తే ఆ రెండు మాటలూ ఏ క్రమంలో ఉన్నా యంత్రం అడ్డుకుంటుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఆ మాటలు అదే క్రమంలో, పక్కపక్కన వచ్చినప్పుడే అడ్డు పడుతుంది. అందువల్ల ఈ దుకాణం జాబితా ఇలా మొదలవ్వాలి.

```
"inverter ac"
"circuit diagram"
welding
```

ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ పూర్తిగా వేరే సరుకు కాబట్టి welding ఒంటరిగా నిలవగలదు. scrap అన్న మాటను మాత్రం తొందరపడి చేర్చకూడదు. పాత బ్యాటరీకి ఎంత ఇస్తారని వెతికేవాడు చాలాసార్లు కొత్తది కొనబోయేవాడే. ఎక్స్చేంజ్ ఇచ్చే దుకాణానికి ఆ క్లిక్ విలువైనదే. ఈ తేడా ఏ రిపోర్టులోనూ ఉండదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

అమ్మకం తేని వరుసలన్నిటినీ కొట్టేస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. నూటికి 5 క్లిక్కులు ఫోన్ కాల్‌గా మారే దుకాణంలో, నిజంగా మంచి వెతుకులాటే అయినా 20 క్లిక్కులకు ఒక్క కాల్ కూడా రాకపోయే అవకాశం నూటికి 36 దాకా ఉంటుంది. అది 59 క్లిక్కులకు గానీ నూటికి 5 లోపుకు దిగదు. రిపోర్టులో చాలా వరుసలకు ఐదు క్లిక్కులు కూడా ఉండవు. అంత కొద్ది సాక్ష్యంతో ఒక వెతుకులాటను వెలివేయడం న్యాయం కాదు. welding లాంటి మాటకు మాత్రం ఒక్క క్లిక్ వచ్చినా చాలు, దాని అర్థమే తీర్పు చెబుతుంది. అర్థం తేటగా లేని మాటలకే కూడిక లెక్క కావాలి.

ఈ రోజుల్లో ఆటోమేటిక్ బిడ్డింగ్ పనికిరాని వెతుకులాటలను తానే గుర్తిస్తుంది కదా, చేతి జాబితా ఎందుకన్నది మరో అభ్యంతరం. అది గుర్తిస్తుంది, అయితే డబ్బు ఖర్చయ్యాకే, అదీ అమ్మకం దాని దగ్గర నమోదైతేనే. దుకాణానికి నడిచి వచ్చి నగదు ఇచ్చి వెళ్లిన మనిషి, ఆ అమ్మకాన్ని మనం ఎక్కించకపోతే, దాని లెక్కలో లేడు. మూడో అభ్యంతరం ఇంకా బలమైనది. 2020 సెప్టెంబరు నుంచి గూగుల్ కొద్దిమందే వెతికిన మాటలను రిపోర్టులో చూపించడం తగ్గించింది. క్యాంపెయిన్ మొత్తం క్లిక్కుల్లోంచి రిపోర్టులోని క్లిక్కులను తీసేస్తే ఎంత కనపడకుండా పోయిందో తెలుస్తుంది. కనపడనిదాన్ని ఎలా ఆపుతామంటారు. వరుస వరుసగా ఆపేవాళ్లకు జవాబు లేదు, మాటను ఆపేవాళ్లకు ఉంది. కనిపించిన వరుసల్లోంచి పట్టుకున్న "inverter ac" కనపడని వరుసల్లోనూ అలాగే అడ్డు పడుతుంది.

తెలుగులో వెతికేవాళ్ల విషయంలో మరో జాగ్రత్త కావాలి. ac అని పెట్టిన అడ్డు ఏసీ అని తెలుగులో టైపు చేసినదాన్ని ఆపదు. ఏసీ అని పెట్టినది ఏసీకి, ఏసీల, ఏసీలో అన్నవాటిని ఆపదు, ఎందుకంటే మన విభక్తులు మాటకే అతుక్కుంటాయి. యంత్రం పోల్చేది మొత్తం మాటను. రిపోర్టులో నిజంగా కనిపించిన రూపాలన్నిటినీ విడివిడిగా చేర్చడమే దారి.

జాబితా హద్దు దాటితే దానివల్లే నష్టం వస్తుంది. which inverter for 1.5 ton inverter ac అని అడిగిన మంచి కొనుగోలుదారును కూడా మన "inverter ac" ఆపేస్తుంది. అలాంటివారు ఎందరో, ఆదా అయ్యేదెంతో తూచి చూసుకోవాల్సిందే. పోగొట్టుకున్నది రిపోర్టులో కనపడదు, ఆగిపోయిన వెతుకులాట ఏ వరుసలోనూ నమోదు కాదు గనక. కాబట్టి ప్రతి కొత్త మాటనూ చేర్చే ముందు, ఇదివరకు అమ్మకం తెచ్చిన వెతుకులాటల్లో అది ఉందేమో వెతికి చూడాలి. చేర్చాక ఏదైనా మంచి కీవర్డ్ హఠాత్తుగా కనపడటం తగ్గిపోతే, మొదట అనుమానించాల్సింది ఈ జాబితానే. కొత్త క్యాంపెయిన్‌కు వారానికోసారి, పాతబడ్డాక నెలకోసారి రిపోర్టు తెరవండి. ప్రతి మాట పక్కన దాన్ని ఎందుకు వద్దన్నారో ఒక్క వాక్యం రాసి పెట్టండి. కారణం రాయలేని మాటను జాబితాలో చేర్చకండి.